ఏడాది దాటినా తగ్గని దుఃఖం: పది వారాల గ్రూపు నడపడం గురించి

ప్రశ్న: మాది నరసాపురం దగ్గర. ఒక చిన్న సంస్థలో కౌన్సెలర్‌ని. ఇంట్లో మనిషి పోయి ఏడాది, రెండేళ్లు దాటినా తేరుకోలేని పెద్దవాళ్లతో నిరుడు గ్రూపు పెట్టాం. మొదటి వారం తొమ్మిది మంది వచ్చారు. అందరూ మనసు విప్పి మాట్లాడారు, బాగా ఏడ్చారు. మూడో వారానికి నలుగురే మిగిలారు. మళ్లీ పెట్టాలనుకుంటున్నాం. ఏ వారం ఏం చేయాలి, ఎంత నెమ్మదిగా వెళ్లాలి, నడిపేవాళ్లు ఏం గమనించాలి?

జవాబు:

మీ గ్రూపు చెదిరింది మూడో వారంలో కాదండీ, మొదటి రోజే. తొమ్మిది మంది ఒకే మధ్యాహ్నం తమ వాళ్లు ఎలా పోయారో చెప్పుకున్నారంటే, ఒక్కొక్కరూ తమవాళ్ల చావుతో పాటు మరో ఎనిమిది చావులు మోసుకుని ఇంటికి వెళ్లినట్టు. అప్పటికి తేలికగానే అనిపిస్తుంది. ఆ రాత్రి నిద్ర పట్టదు. మరుసటి వారం ఆటో ఎక్కాల్సిన టైముకి తలనొప్పి వస్తుంది, చుట్టాలొస్తారు, ఏదో ఒక పని పడుతుంది.

నేనూ ఇదే తప్పు చేశాను. రాజమండ్రి దగ్గర నడిపిన మొదటి గ్రూపులో రెండో వారం నుంచి రావడం మానేసిన ఒక పెద్దాయన తర్వాత బస్టాండులో కనబడ్డాడు. "మీ దగ్గరికొచ్చాక నాకు మా ఆవిడ ఒక్కత్తే కాదండీ, ఊళ్లోవాళ్ల చావులన్నీ కల్లోకొస్తున్నాయి" అన్నాడు. ప్లాన్ మార్చుకున్నది ఆ మాటతోనే.

ఆ ప్లాన్‌కి వెన్నెముక ఒక్కటే. చావు కథ పూర్తిగా చెప్పించడం గ్రూపులో జరగకూడదు, ఒక్కొక్కరితో విడిగా జరగాలి. అలాగని అసలు చెప్పించకుండా వదిలేయకూడదు. 2014లో రిచర్డ్ బ్రయంట్ బృందం ఆస్ట్రేలియాలో 80 మందితో చేసిన అధ్యయనం నాకు దారి చూపింది. అందరికీ వారానికి రెండు గంటల చొప్పున పది గ్రూపు సెషన్లు, దాంతో పాటు నాలుగు విడి సెషన్లు. విడి సెషన్లలో సగం మందితో ఆ చావు జ్ఞాపకంలోకి మళ్లీ మళ్లీ వెళ్లి చెప్పించారు, మిగతా సగానికి మామూలు ఓదార్పు కౌన్సెలింగ్ ఇచ్చారు. చెప్పినవాళ్లే ఎక్కువ మెరుగయ్యారు, ఆరు నెలల తర్వాత చూసినా అంతే. నేను వాడే లెక్క కూడా పది, నాలుగు. ఇంట్లో చేయించే పనుల్లో ఎక్కువ భాగం ఇలా తగ్గని దుఃఖానికి అమెరికా సైకియాట్రిస్టు కేథరిన్ షియర్ తయారుచేసిన 16 సెషన్ల చికిత్స నుంచి తీసుకున్నవి.

ముందు ఎవరిని తీసుకోవాలో చూద్దాం. ఏడుస్తున్న ప్రతివాళ్లకీ ఈ గ్రూపు అక్కర్లేదు. 2022లో వచ్చిన అమెరికన్ మానసిక జబ్బుల వర్గీకరణ ప్రకారం, దీన్ని జబ్బుగా లెక్కపెట్టాలంటే పెద్దవాళ్లలో మనిషి పోయి కనీసం 12 నెలలు దాటాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ 6 నెలలంటుంది. మన దగ్గర సంవత్సరీకం దాకా ఇల్లంతా శోకంలోనే ఉంటుంది, శుభకార్యాలు కూడా ఆపేస్తారు కాబట్టి నేను 12 నెలలే పట్టుకుంటాను. అయినా నెలల లెక్క ఒక్కటీ చాలదు. పోయినవాళ్ల కోసం తపన, లేదా వాళ్ల గురించిన ఆలోచన, గడచిన నెలగా దాదాపు రోజూ పీడిస్తూ ఉండాలి. దానికి తోడు కొన్ని గుర్తులు ఉంటాయి. తనలో సగం పోయినట్టుండడం, జరిగింది ఇప్పటికీ నమ్మలేకపోవడం, గుర్తుచేసే చోట్లను తప్పించుకు తిరగడం, మొద్దుబారిపోవడం, బతుక్కి అర్థం లేదనిపించడం, మనుషుల మధ్య ఉన్నా ఒంటరిగా ఉండడం లాంటివి.

చేర్చుకునే ముందు ఒక్కొక్కరితో ముప్పావు గంట కూర్చోండి, వీలైతే వాళ్లింట్లోనే. ఇంట్లో అయితే అడగకుండానే చాలా తెలుస్తుంది. గోడ మీద ఫొటో ఉందా, లేక బీరువాలో దాచేశారా? పోయినాయన చెప్పులు ఇంకా గుమ్మంలోనే ఉన్నాయా? "ఈ ఏడాదిలో మీరు వెళ్లడం మానేసిన చోటు ఏది?" అని తప్పకుండా అడగండి. ఆ జవాబు నాలుగో వారంలో మీకు కావాలి.

చనిపోవాలన్న ఆలోచన గురించి కూడా ఆరోజే, సూటిగా అడగాలి. "వాడి దగ్గరికి వెళ్లిపోవాలనుందండీ" అన్న మాట ఈ గ్రూపుల్లో దాదాపు అందరూ అంటారు. దానికి కంగారుపడకుండా, పక్కకు పెట్టకుండా, తర్వాతి ప్రశ్న వేయండి: "ఎలా వెళ్లాలో కూడా ఆలోచించారా?" అవునంటే, ఇంట్లో ఏముందో అడగండి. మన ప్రాంతంలో సమాధానం చాలాసార్లు పురుగుమందు. వరి చేనుకు తెచ్చిన డబ్బా వసారాలోనే ఉంటుంది. దాన్ని ఆరోజే ఇంటి నుంచి బయటకు పంపించాలి, మిగిలింది కూడా. ఎవరు తీసుకెళ్తారో మీ ముందే తేలాలి. అలాంటివాళ్లను ముందు సైకియాట్రిస్టుకు చూపించి, నిలకడగా ఉన్నారన్నాక గ్రూపులోకి తీసుకోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 అందరికీ కాగితం మీద రాసివ్వండి. అది ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. రోజూ బాగా తాగేవాళ్లను కూడా నేను ముందు ఆ వైద్యానికే పంపుతాను.

ఆరు నుంచి ఎనిమిది మంది చాలు. కూర్పులో ఒక జాగ్రత్త ఉంది. ఏ రకం పోగొట్టుకున్నవాళ్లయినా ఒంటరిగా ఉండకూడదు. ఆరుగురు భర్త పోయిన ఆడవాళ్ల మధ్య బిడ్డ పోయిన తల్లి ఒక్కత్తే ఉంటే, రెండో వారానికల్లా "మీకేమ్మా, మీ పిల్లలున్నారు" అన్న మాట బయటకొస్తుంది. కనీసం ఇద్దరు తల్లులుండాలి. మగవాళ్లు కూడా ఒక్కరే ఉండకూడదు. నడిపేవాళ్లు తప్పనిసరిగా ఇద్దరు. ఒకరు మాట్లాడుతుంటే రెండోవాళ్లు మొహాలు చూడాలి.

చోటు విషయంలో గుడి మండపం, చర్చి హాలు రెండూ వద్దంటాను. అక్కడ ఏడుపు కూడా ఒక పద్ధతిలోనే ఏడవాలి. సెలవురోజున బడిలో ఒక గది దొరికితే మేలు. మధ్యాహ్నం రెండున్నర నుంచి నాలుగున్నర వరకు అయితే ఆడవాళ్లకు వంటకీ వంటకీ మధ్య కుదురుతుంది. ఊడ్పులప్పుడూ కోతలప్పుడూ మొదలుపెట్టకండి. నాలుగు నుంచి ఏడో వారం దాకా సంక్రాంతికి దరిదాపుల్లో పడకుండా క్యాలెండర్ చూసుకోండి. పెద్దలకు బట్టలు పెట్టే పండగ అది. ఆ వారంలో కొత్త పని మొదలుపెడితే దుఃఖం పండగదో మీ పనిదో తెలియదు.

రెండు గంటల్ని నేను ప్రతివారం ఒకేలా కోస్తాను. మొదటి 15 నిమిషాలు రావడం, కూర్చోవడం, వారం ఎంత భారంగా గడిచిందో సున్నా నుంచి పది మధ్య ఒక మార్కు చెప్పడం. తర్వాత 35 నిమిషాలు మొదటి పని, 10 నిమిషాలు టీ, మళ్లీ 35 నిమిషాలు రెండో పని. చివరి 25 నిమిషాలు కిందికి దిగడానికి. అందులో 15 నిమిషాలు ఇంటిపని చెప్పుకుని ఊపిరి మీద దృష్టి పెట్టడం, 10 నిమిషాలు ఊరికే కబుర్లు, ఎవరు ఎవరితో ఇంటికి వెళ్తున్నారో చూసుకోవడం. ఈ చివరి పాతిక నిమిషాలు దేనికీ ధారపోయకండి. నాలుగు గంటల ఐదు నిమిషాలు దాటాక ఎవరైనా పెద్ద విషయం ఎత్తితే, "ఇది ముఖ్యమైన మాటండీ, దీనికి టైము కావాలి. రేపు ఫోన్ చేస్తాను, వచ్చేవారం ముందు మీతోనే మొదలుపెడదాం" అనండి. చేస్తానన్న ఫోన్ చేయండి.

మొదటి వారం: పేరు, ఎవరు పోయారు, ఎప్పుడు పోయారు. ఒక్క వాక్యం. ఎలా పోయారన్నది వద్దని ముందే చెప్పండి, ఎందుకు వద్దో కూడా చెప్పండి: "ఆ కథ మాకు కావాలి, కానీ అది మీతో విడిగా కూర్చుని శ్రద్ధగా వింటాం." ఆ తర్వాత ఒక్కొక్కరికి మూడు నిమిషాలు, పోయిన మనిషి బతికున్నప్పటి ముచ్చట. ఏం ఇష్టంగా తినేవారు, దేనికి కోపమొచ్చేది? ఒకసారి ఒకావిడ, వాళ్లాయన పులస కోసం అప్పుచేసిన కథ చెప్పి నవ్వింది. నవ్వి, నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది, తప్పు చేసినట్టు. ఆ నవ్వును అక్కడే పట్టుకుని, ఇక్కడ నవ్వడానికి కూడా అనుమతి ఉందని చెప్పాం. మొదటి వారం అంతకన్నా సాధించాల్సిందేమీ లేదు.

రెండో వారం దుఃఖం ఎందుకు కదలకుండా నిలిచిపోతుందో వివరించండి. స్ట్రోబ్, షుట్ అనే ఇద్దరు పరిశోధకులు 1999లో చెప్పిన మాట ఇక్కడ బాగా పనికొస్తుంది. పోయినవాళ్ల కోసం ఏడవడం ఒక పని, వాళ్లు లేని బతుకును నడుపుకోవడం ఇంకో పని. మనిషి ఆ రెండింటి మధ్యా అటూ ఇటూ తిరుగుతుండాలి. నేను కాలువకు రెండు గట్లు గీసి, ఒకటి ఏడుపు గట్టు, రెండోది బతుకు గట్టు అని చూపిస్తాను. అందరికీ వంతెన ఉంటుంది. మన గ్రూపులో ఉన్నవాళ్లు ఒకే గట్టు మీద చిక్కుకుపోయారు, కొందరైతే ఏడుపు గట్టు వైపే చూడకుండా పనిలో మునిగిపోయారు. ఇంటిపని ఒక చిన్న నోట్‌బుక్: రోజూ రాత్రి, ఆరోజు దుఃఖం అన్నిటికన్నా ఎక్కువైంది ఎప్పుడు, అన్నిటికన్నా తగ్గింది ఎప్పుడు, అప్పుడేం చేస్తున్నారు, మార్కెంత. రాయడం రానివాళ్లకు ఇంట్లో పిల్లలు రాస్తారు, లేదా ఫోన్‌లో వాయిస్ మెసేజ్ పెడతారు. "తగ్గింది ఎప్పుడు" అన్న గడి ముఖ్యం. "తగ్గడమే లేదండీ" అన్నవాళ్ల పుస్తకంలో కూడా మనవరాలికి జడ వేస్తున్నప్పుడు 4 అని కనబడుతుంది.

మూడో వారం ఇంట్లో ఒకరిని వెంట తీసుకురమ్మనండి. షియర్ చికిత్సలోనూ మూడో సెషన్ ఇలాంటిదే. ఏడిస్తే పోయినవాళ్ల ఆత్మకు శాంతి ఉండదని ఇంట్లోవాళ్లు నోరు మూయించడం మన దగ్గర మామూలు. దాంతో వాదించకండి. "ఇక్కడ రెండు గంటలు ఏడుస్తారు, ఇంటి దగ్గర రోజుకో అరగంట వదిలేయండి" అని బేరం పెట్టండి. వచ్చే నెలలో వీళ్లు కొన్ని చోట్లకు వెళ్తారని, ఎవరూ తొందరపెట్టకూడదని కూడా ఆరోజే చెప్పాలి. ఈ మాట ఒకసారి నేను గట్టిగా చెప్పలేదు. దాని ఫలితం కింద ఉంది.

నాలుగు నుంచి ఏడో వారం దాకా అసలు పని. ఈ నాలుగు వారాల్లో గ్రూపుతో పాటు ఒక్కొక్కరికీ వారానికో విడి సెషన్, గంట నుంచి గంటన్నర. ఎనిమిది మందైతే ఇద్దరు ఫెసిలిటేటర్లకు తలా నాలుగు. అంతకు మించితే మీవల్ల కాదు. ఇక్కడ ఒక తల్లి సంగతి వివరంగా చెబుతాను. గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

ఆమెకు 51 ఏళ్లు. కొడుకు పోయి రెండేళ్లు దాటింది. వాళ్లది కౌలు రొయ్యల చెరువు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి ఏరియేటర్లు ఆగకూడదు, ఆగితే పంటంతా పోతుంది. ఒక వానరాత్రి మూడింటికి ఏరియేటర్ల చప్పుడు ఆగింది. ఇంటాయన ఊళ్లో లేడు. కొడుకు చూసి వస్తానని వెళ్లి స్విచ్‌బోర్డు దగ్గర కరెంట్ షాక్‌తో పోయాడు. అప్పటి నుంచి ఆమె చెరువు వైపు వెళ్లలేదు. రాత్రుళ్లు పక్క చెరువుల చప్పుడు వినబడకుండా చెవుల్లో దూది పెట్టుకుని పడుకునేది. రోజూ కొడుకు గదిలో గంటల తరబడి కూర్చునేది. అంతకుముందు నరసాపురం లేసు అల్లేది, అదీ మానేసింది.

మొదటి విడి సెషన్లో కళ్లు మూసుకుని, ఇప్పుడే జరుగుతున్నట్టుగా, ఆ సాయంత్రం నుంచి చెప్పమన్నాను. ఆమె ఆసుపత్రి నుంచి మొదలుపెట్టింది. వెనక్కి తీసుకెళ్తే, సాయంత్రం అన్నం తిన్నారన్న మాట నుంచి ఒకేసారి "మావాళ్లొచ్చి తలుపు కొట్టారు" దగ్గరికి దూకింది. మీరు గమనించాల్సింది ఇదే. కథ ప్రతిసారీ ఒకేచోట దూకుతుంటే బాధ ఉన్నది ఆ గుంటలోనే. తొలిరోజు అందులోకి తొయ్యకండి. పది నిమిషాలే చెప్పించాను. ఫోన్‌లో రికార్డు చేశాం. చెబుతున్నంతసేపూ మధ్యమధ్యలో మార్కు అడిగాను: 9, 9, 10. తర్వాత అరగంట ఆ కథ పక్కన పెట్టి, ఏమనిపించిందో మాట్లాడుకుని, చివరికి టీ తాగి, కొడుకు చిన్నప్పటి అల్లరి చెప్పించి పంపించాను. రోజుకోసారి ఆ రికార్డింగ్ వినడం ఇంటిపని. వినే టైము పగలే, పడుకునే ముందు కాదు.

రెండో విడి సెషన్లో నేను ఒక్క ప్రశ్నే అడిగాను: "మూడింటికి ఏమైందమ్మా?" చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. చప్పుడు ఆగింది విన్నది తనే. మంచినిద్రలో ఉన్న పిల్లాణ్ని భుజం పట్టి లేపింది తనే. "ఏరియేటర్ ఆగిందిరా, చూసి రా" అన్నది తనే.

ఇక్కడ నోటి చివరిదాకా వచ్చే మాటొకటి ఉంటుంది: "అందులో మీ తప్పేముందమ్మా." అనకండి. రెండేళ్లుగా ఊరంతా అదే అన్నారు. ఆ మాట వింటే ఆమె నోరు మూసుకుంటుంది, ఎందుకంటే మనం వినడానికి సిద్ధంగా లేమని ఆమెకు అర్థమవుతుంది. నేను "లేపారు. తర్వాత?" అన్నాను. మళ్లీ చెప్పించాను. మూడో సెషన్లో అదే చోట రెండుమూడుసార్లు ఆగి, మంచం ఎటువైపుంది, లైటు వేశారా, వాడేమన్నాడు అని నెమ్మదిగా అడుగుతుంటే, ఆమే అన్నది: "వాణ్ని నేను అలాగే లేపేదాన్నండీ. ఎన్నిసార్లో. ఆ మాట రోజూ అన్నదే. ఆ రోజూ అన్నాను." తప్పు చేశానన్న బాధ పూర్తిగా పోలేదు, కానీ దాని ఆకారం మారింది. ఆ రోజు చివర్లో మార్కు 7, నాలుగో సెషన్లో 5. సున్నా కోసం చూడకండి. మార్కు రెండు మెట్లు దిగి, కథ దూకకుండా నడుస్తుంటే చాలు. అలాకాక మూడు సెషన్లయినా మార్కు 9 దగ్గరే ఉండి, రాత్రి నిద్ర, తిండి పాడవుతుంటే చెప్పించడం ఆపి సైకియాట్రిస్టుకు చూపించండి. ఎవరైనా కథ చెబుతూ చుట్టూ ఏముందో మరిచిపోయి, పిలిస్తే పలక్కపోతే కూడా అంతే: కళ్లు తెరిపించి, పాదాలు నేలకు ఆనించి, గదిలో ఉన్న వస్తువుల పేర్లు చెప్పించండి.

ఈలోగా గ్రూపులో జరిగేది వేరు. నాలుగో వారం ప్రతివాళ్లూ తప్పించుకు తిరిగే చోట్లు రాసి, తక్కువ బాధ నుంచి ఎక్కువ బాధకు మెట్లు కట్టుకుంటారు. ఈమె మెట్లు ఇవి: చెవుల్లో దూది తీసి కిటికీ తెరిచి పావుగంట ఏరియేటర్ల చప్పుడు వినడం, మార్కు 5. కాలువ వంతెన మీద నిలబడి దూరంగా చెరువులు చూడడం, 6. చెల్లెలితో వేరేవాళ్ల చెరువు గట్టు మీద నడవడం, 7. తమ చెరువు గట్టు మొదట్లో నిలబడడం, 8. ఆ షెడ్డు దాకా వెళ్లడం, 10. ఒక్కో మెట్టూ వారంలో నాలుగైదుసార్లు, కంగారు తగ్గేదాకా అక్కడే ఉండాలి. భయం వేసిన వెంటనే తిరిగొచ్చేస్తే భయమే నిజమని ఒంటికి నేర్పినట్టవుతుంది. నిజంగా ప్రమాదమున్నదాన్ని మెట్టుగా పెట్టకండి. షెడ్డు దాకా అన్నామే కానీ స్విచ్‌బోర్డు ముట్టుకోవడం లేదు, వానలో వెళ్లడం లేదు.

ఆరో వారానికి ఆమె రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. సాయంత్రం చెల్లెలు చెప్పింది, వాళ్ల అన్నయ్య "ఇంకెన్నాళ్లే ఈ మెట్లు" అని ఆటోలో తిన్నగా షెడ్డు దగ్గర దింపాడట. రెండు రోజులు మంచం దిగలేదు. మూడో వారం వచ్చింది చెల్లెలు, అన్నయ్య కాదు. ఆయనకు ఎవరూ చెప్పలేదు. మర్నాడు ఇంటికి వెళ్లాను. ఆయన్ని తప్పుపట్టలేదు, ఆయన చేసిందీ ప్రేమతోనే. మొదటి మెట్టుకి, కిటికీ దగ్గరికి, తిరిగి వెళ్లాం. ఈసారి ఆయన్నే పక్కన కూర్చోబెట్టి, మాట్లాడకుండా గడియారం చూడమన్నాను. ఆ పని చాలా శ్రద్ధగా చేశాడు. పదో వారానికి ఆమె గట్టు మొదటిదాకా వెళ్లింది. షెడ్డు దాకా వెళ్లలేదు. గ్రూపు అయిపోయేసరికి పై మెట్టు మిగిలిపోవడం మామూలే.

గదిలో గంటలు గంటలు కూర్చోవడం సంగతి విడిగా చూడాలి. అది తప్పించుకోవడం కాదు, పోయినవాళ్లను వదలకుండా పట్టుకుని ఉండడం. మానేయమనకూడదు. టైము కట్టాం: సాయంత్రం ఐదు నుంచి ఐదున్నర. మిగిలిన టైములో అరగంట లేసు, రెండో గట్టు మీద నడక కోసం. మొదటి వారం పది నిమిషాలే అల్లింది, అదీ పాత ముక్కే విప్పి మళ్లీ.

ఆ నాలుగు వారాల్లోనే గ్రూపులో రెండు రకాల మనుషులు మీకు పని పెడతారు. ఒకరు సలహాలిచ్చేవాళ్లు. "కోటిపల్లిలో పిండం పెట్టించండి, అంతా పోతుంది." ఆ సలహా చెడ్డదని కాదు. 2027లో గోదావరి పుష్కరాలున్నాయి కాబట్టి ఈ మాట ఇంకా ఎక్కువ వినబడుతుంది. "మీకు అక్కడ పిండం పెట్టినప్పుడు ఏమనిపించిందండీ?" అని వాళ్ల సొంత కథ వైపే తిప్పండి. సలహా ఆగిపోతుంది, చాలాసార్లు కన్నీళ్లొస్తాయి. రెండోవాళ్లు ఏమీ మాట్లాడనివాళ్లు. మౌనాన్ని తొందరపడి పూడ్చకండి, మనసులో ఇరవై దాకా లెక్కపెట్టండి. ఎవరైనా ఏడుస్తుంటే పక్కవాళ్లు టిష్యూ అందించి వీపు నిమురుతారు. ఎంత మంచిమనసుతో చేసినా అది "ఇక ఆపు" అని చెప్పినట్టే ఉంటుంది. రుమాళ్లు మధ్యలో పెట్టేయండి, కావలసినవాళ్లు తీసుకుంటారు.

ఎనిమిదో వారం పోయినవాళ్లకు చెప్పాలనుకున్న మాట. రాసేవాళ్లు రాస్తారు, లేనివాళ్లు ఖాళీ కుర్చీ వైపు చూసి చెబుతారు. తర్వాత కుర్చీ మారి ఆ మనిషి ఏమంటారో తామే చెబుతారు. ఇది విడి సెషన్లు పూర్తయినవాళ్లకే. ఏడో వారం దాకా కథ ఇంకా దూకుతూనే ఉన్నవాళ్లను బలవంతం చేయకండి, వాళ్లకు ఒక ఫొటో తెచ్చి దాని గురించి మాట్లాడడం చాలు. మంచి జ్ఞాపకాలతో పాటు ఆ మనిషిలో నచ్చనిది కూడా ఒకటి చెప్పమని అడగండి. తాగి కొట్టిన భర్త కోసం ఏడ్చే ఆవిడకు ఈ ఒక్క ప్రశ్నతో గొంతు పెకలడం చూశాను.

తొమ్మిదో వారం క్యాలెండర్ పట్టుకుని రాబోయే ఏడాదిలో గడ్డు రోజులు గుర్తు పెట్టించండి: పుట్టినరోజు, సంవత్సరీకం, సంక్రాంతి, క్రైస్తవులైతే జ్ఞాపకార్థ కూడిక. ఆ రోజుకు ముందు రోజు ఎవరితో ఉంటారు, ఆ రోజు ఏం చేస్తారు, మర్నాడు పొద్దున ఏం చేస్తారు? చాలామంది ఆ రోజు గట్టిగానే ఉంటారు, మర్నాడే కూలబడతారు.

పదో వారం విందులు పెట్టకండి. గ్రూపు ముగియడం కూడా వాళ్లకు మళ్లీ ఒక పోగొట్టుకోవడమే కాబట్టి, ఆ మాట ఎనిమిదో వారం నుంచే అంటూ రావాలి. మొదట అడిగిన ప్రశ్నలే మళ్లీ అడగండి. నెల తర్వాత ఒకసారి, మూడు నెలల తర్వాత ఒకసారి అందరూ కలుస్తారని తేదీలతో సహా ఆరోజే చెప్పండి. తగ్గుదల లేనివాళ్లను సైకియాట్రిస్టుకు పంపండి, కానీ మాత్రలతో దుఃఖం పోతుందని చెప్పి పంపకండి. షియర్ బృందం 2016 అధ్యయనంలో సిటాలోప్రామ్ అనే డిప్రెషన్ మందు కలిపినందువల్ల దుఃఖంలో పెద్ద తేడా రాలేదు. చికిత్సతో పాటు వాడినవాళ్లలో డిప్రెషన్ లక్షణాలు మాత్రం ఇంకా తగ్గాయి.

మీ ఇద్దరికీ ప్రతి సెషన్ తర్వాత ఇరవై నిమిషాలు ఉంచుకోండి. నోట్స్ రాయడానికి కాదు. ఈరోజు ఏ కథ మీ వెంట ఇంటికి వస్తోందో ఒకరికొకరు చెప్పుకోవడానికి. మీ ఇంట్లో ఏడాదిలోపు ఎవరైనా పోయి ఉంటే ఈసారి నడపకండి, రెండోవాళ్లకు వదిలేయండి.

ఇంకో పని, కొత్త గ్రూపు పెట్టేముందే. నిరుడు మానేసిన ఆ ఐదుగురి ఇళ్లకు వెళ్లండి. "ఎందుకు రాలేదండీ" అని అడగకండి. "ఆ రోజు మిమ్మల్ని అంతా ఒకేసారి చెప్పమన్నాం, అది మా పొరపాటు" అనండి. ఇద్దరైనా మళ్లీ వస్తారు. రాననేవాళ్లకు 14416 కాగితం ఇచ్చి, పురుగుమందు డబ్బా ఎక్కడుందో ఓసారి చూసి రండి.